ఇండక్టర్ వోల్టేజ్‌లో ఎక్కడిదీ ఇంపల్స్? s-డొమైన్ బొమ్మ గీయాలా, సమీకరణం రాయాలా?

రెండో_ఏడాది
నా దగ్గరున్నది ఒకే లూప్. 2 హెన్రీల ఇండక్టర్, 4 ఓమ్‌ల రెసిస్టర్, అంతే. t = 0 దగ్గర బయటి సోర్స్ తీసేశారు. అప్పటికి ఇండక్టర్‌లో 3 ఆంపియర్లు పారుతున్నాయి. ఇనిషియల్ కండిషన్ సోర్స్ పెట్టి s-డొమైన్ సర్క్యూట్ గీసి చేశాను. కరెంట్ సరిగ్గానే వచ్చింది, ఇండక్టర్ వోల్టేజ్‌లో మాత్రం 6δ(t) ఊడిపడింది. మా ఫ్రెండ్ డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాసి చేస్తే అది రాలేదు. ఈ బొమ్మ పద్ధతిని నమ్మొచ్చా, లేక సమీకరణం రాసుకోవడమే మేలా?

```
I(s)   = 6/(2s+4) = 3/(s+2)
2s·I(s) = 6s/(s+2) = 6 − 12/(s+2)
```

సమీకరణమే_దారి
సమీకరణమే మేలు. బొమ్మలో సోర్స్ ఎటు తిప్పి పెట్టాలో గుర్తుపెట్టుకోవడం, దాన్ని తప్పు పెట్టడం, ఆ తర్వాత తల పట్టుకోవడం... ఇదంతా ఎందుకు? లూప్ సమీకరణం రాసి లాప్లాస్ తీసుకుంటే ఇనిషియల్ కండిషన్ తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. ఇంకో మాట కూడా గుర్తుంచుకో. ఇండక్టర్ వోల్టేజ్‌లో ఇంపల్స్ కనిపించిందంటే లెక్క తప్పినట్టే. నేను పేపర్లు దిద్దేటప్పుడు డెల్టా కనబడగానే అక్కడే ఆగి వెనక్కి చూస్తాను.

ఫేజర్_ప్రియుడు
ఇంత గొడవ ఎందుకండీ? s బదులు jω పెట్టేస్తే ఇంపీడెన్స్ వచ్చేస్తుంది కదా. ఇనిషియల్ కండిషన్‌తో పనేముంది?

ల్యాబ్_మూల
ఫేజర్ గారూ, మీరు చెప్పేది సైన్ వేవ్ సోర్స్ పెట్టి, ట్రాన్సియెంట్ అంతా చచ్చిపోయాక మిగిలే సంగతి. ఇక్కడ సోర్సే లేదు, అడిగినదంతా ట్రాన్సియెంటే. jω పెడితే మీకు వచ్చే జవాబు సున్నా.

రెండో_ఏడాదీ, నీ సర్క్యూట్‌లో తప్పు లేదు, లెక్కలో తప్పు లేదు. నువ్వు చూసింది వేరే వోల్టేజ్. మామూలు సర్క్యూట్‌లో ఇండక్టర్‌కి రెండు కాళ్లు. s-డొమైన్‌లోకి వెళ్లాక ఆ రెండు కాళ్ల మధ్య ఇప్పుడు రెండు వస్తువులున్నాయి: 2s అనే ఇంపీడెన్స్, దాని పక్కన సిరీస్‌లో 6 అనే సోర్స్. నువ్వు ఇంపీడెన్స్ మీద మాత్రమే మీటర్ పెట్టావు. నిజం ఇండక్టర్‌కి బయటికి కనిపించే కాళ్లు ఆ జంటకి అటూ ఇటూ ఉన్నవి. మధ్యలో ఉన్న జంక్షన్ నిజం సర్క్యూట్‌లో ఎక్కడా లేదు, అది లెక్క కోసం పుట్టిన బిందువు.

```
V_L(s) = 2s·I(s) − 6 = −12/(s+2)
v_L(t) = −12·e^(−2t)
```

సరిచూసుకో. మొదటి క్షణంలో రెసిస్టర్ మీద 3 × 4 = 12 వోల్టులు. లూప్‌లో ఇంకేమీ లేదు కాబట్టి ఇండక్టర్ మీద మైనస్ 12 ఉండాల్సిందే. ఉంది.

సమీకరణం రాస్తే ఈ చిక్కు ఉండదన్న మాట కూడా నిజం కాదు. మీ ఫ్రెండ్ కరెంట్‌ని 3e^(−2t)u(t) అని రాసి, దాన్ని డిఫరెన్షియేట్ చేసి చూడమను. అదే 6δ(t) అక్కడా ఊడిపడుతుంది. ఎందుకంటే u(t) తగిలించగానే "సున్నాకి ముందు కరెంట్ లేదు, ఒక్కసారిగా 3కి ఎగిరింది" అని రాసినట్టయింది. నిజానికి అది ముందు నుంచీ 3 దగ్గరే ఉంది. ఆ అబద్ధపు ఎగురుడుని కొట్టేయడానికే ఆ మైనస్ 6.

రిపేర్_బెంచి
ఇంపల్స్ రాదని ఎవరన్నారు? 12 వోల్టుల రిలేని ఒక ట్రాన్సిస్టర్‌తో ఆపుతుంటే నా ట్రాన్సిస్టర్లు వరసగా మూడు పోయాయి. కాయిల్ రెసిస్టెన్స్ 400 ఓమ్‌లు, అంటే కరెంట్ 30 మిల్లీఆంపియర్లే. ఇంత చిన్న కరెంట్ ఏం చేస్తుందిలే అనుకున్నాను. స్కోప్ పెట్టి చూస్తే గోడలాగా లేచింది వోల్టేజ్. కాబట్టి మీ 6δ(t) తప్పేం కాదు, నేను కళ్లతో చూశాను.

ల్యాబ్_మూల
అన్నా, మీరు చూసింది నిజమే, కానీ అది ఈ 6δ(t) కాదు. పై లెక్కలో మొదటి క్షణపు వోల్టేజ్ ఎంతో చూడండి: ఉన్న కరెంట్ ఇంటూ దానికి దొరికిన రెసిస్టెన్స్. ఇండక్టెన్స్ ఎంతన్నది ఆ ఎత్తులోకి రానే రాదు, ఎంతసేపు ఉంటుందో మాత్రమే చెబుతుంది. మీ రిలే కాయిల్ ఆగిన క్షణంలో ఆ 30 మిల్లీఆంపియర్లకి 10 కిలో ఓమ్‌ల దారి మాత్రమే దొరికిందనుకోండి, 300 వోల్టులు. ట్రాన్సిస్టర్ పోవడానికి అది చాలు. అసలు దారే లేకపోతే మోడల్ అనంతం చూపిస్తుంది. నిజంలో కాయిల్ చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్స్ గానీ, ట్రాన్సిస్టర్ బ్రేక్‌డౌన్ గానీ మధ్యలో అడ్డుపడతాయి.

రిపేర్_బెంచి
సరే. తర్వాత డయోడ్ పెట్టాను, పోవడం ఆగింది. మరి డయోడ్‌ని ఈ s-డొమైన్ బొమ్మలో ఎలా గీస్తారు?

ల్యాబ్_మూల
గీయలేం, అది లీనియర్ కాదు. డయోడ్ కండక్ట్ చేస్తున్నంతసేపు దాని స్థానంలో 0.7/s అనే సోర్స్ పెట్టి నెట్టుకురావచ్చు. అలా చేస్తే మీ కాయిల్ కరెంట్ 30 నుంచి దిగుతూ మైనస్ 1.75 మిల్లీఆంపియర్ల వైపు పోతుంది. డయోడ్‌లో వెనక్కి కరెంట్ పారదు కదా. కరెంట్ సున్నా తాకేది దాదాపు 2.9 టైమ్ కాన్‌స్టంట్ల దగ్గర. అక్కడ ఆ లెక్క ఆపేయాలి. ఆపమని లాప్లాస్ మనకి చెప్పదు, మనమే చూసుకోవాలి.

సమీకరణమే_దారి
ఆ జంట సంగతి ఒప్పుకుంటున్నాను, పిల్లలు పడే గుంట అదే. కానీ నా మాట నిలబడే ఉంది కదా: మామూలు సర్క్యూట్‌లో డెల్టా కనబడితే తప్పు.

ల్యాబ్_మూల
ఈ సర్క్యూట్‌లో తప్పు. అన్నిటిలో కాదు. పేపర్లు దిద్దుతారు కాబట్టి ఒకటి ఇస్తాను చూడండి.

2 హెన్రీల ఇండక్టర్‌లో 6 ఆంపియర్లు పారుతున్నాయి. 1 హెన్రీ ఇండక్టర్ ఖాళీగా ఉంది. t = 0 దగ్గర స్విచ్ తెరుచుకుని రెండూ, 6 ఓమ్‌ల రెసిస్టరూ ఒకే సిరీస్ లూప్‌లో పడ్డాయి. సిరీస్ కాబట్టి ఇద్దరిలోనూ ఒకటే కరెంట్ ఉండాలి. ఒకరి దగ్గర 6, ఇంకొకరి దగ్గర సున్నా. ఎవరో ఒకరు ఎగరక తప్పదు.

```
I(s)  = 12/(3s+6) = 4/(s+2)
V1(s) = 2s·I − 12 = −4 − 16/(s+2)
V2(s) = s·I       =  4 −  8/(s+2)
```

మొదటి ఇండక్టర్ మీద మైనస్ 4 ఇంపల్స్, రెండోదాని మీద ప్లస్ 4. ఇవి నిజం. మొదటిది 6 నుంచి 4కి దిగింది, 2 హెన్రీలు ఇంటూ 2 అంటే 4. రెండోది సున్నా నుంచి 4కి ఎక్కింది, అదీ 4. లూప్ అంతా కలిపితే ఇంపల్సులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. శక్తి మాత్రం 36 జౌళ్ల నుంచి 24కి పడిపోయింది. ఆ 12 జౌళ్లు నిజం సర్క్యూట్‌లో ఎక్కువగా స్విచ్ దగ్గర మెరుపై పోతాయి.

ఇక్కడ నాకు బొమ్మ పద్ధతి నచ్చేది ఒక్క కారణానికి. సోర్సుల్లో 0⁻ విలువలు, అంటే స్విచ్ కదలక ముందున్న 6, సున్నా పెట్టాను. తర్వాతి 4 ఎంతో నాకు ముందే తెలియాల్సిన పని లేకపోయింది, లెక్కే ఇచ్చింది. 0⁺ తో మొదలుపెట్టేవాళ్లు ముందు ఫ్లక్స్ నిలకడ పట్టుకుని ఆ 4 కనుక్కుని రావాలి.

సమీకరణమే_దారి
మీరు ఇచ్చిన లెక్క సరైనదే. కానీ ఫ్లక్స్ నిలకడ గురించి ఒక్కసారైనా ఆలోచించకుండా ఆ 4 రాసేసిన విద్యార్థికి ఏం అర్థమైనట్టు? 0⁺ విలువని చేత్తో కనుక్కోమనే నేను చెబుతాను. మీకు సౌకర్యం అనిపించేదే నాకు అనుమానంగా ఉంది.

నోడల్_నేస్తం
మీరిద్దరూ సిరీస్ సోర్స్ దగ్గరే ఆగిపోయారు. ఇండక్టర్‌కి ప్యారలల్‌గా 3/s కరెంట్ సోర్స్ పెట్టుకుంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. ఒక నోడ్, ఒక సమీకరణం:

```
V·(1/4 + 1/(2s)) = −3/s
V = −12/(s+2)
```

సిరీస్‌లోలాగా మధ్య జంక్షన్ ఉండదు, మీటర్ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ ఉండదు. వోల్టేజ్ నేరుగా వచ్చింది. నేనైతే ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

ల్యాబ్_మూల
ఇప్పుడు అదే బొమ్మలో 2s గుండా పోయే కరెంట్ కనుక్కోండి.

నోడల్_నేస్తం
V/(2s)... మైనస్ 3 ప్లస్ 3e^(−2t). సున్నాతో మొదలై మైనస్ 3కి పోతోంది. ఓహ్. 3/s కలుపుకోవాలి.

ల్యాబ్_మూల
అదే. గుంట అక్కడే ఉంది, పక్కకి జరిగింది. సిరీస్ బొమ్మ వోల్టేజ్ దగ్గర మోసం చేస్తుంది, ప్యారలల్ బొమ్మ కరెంట్ దగ్గర. ఏది అడిగారో చూసి దాన్ని నేరుగా ఇచ్చే బొమ్మ గీసుకోవడం నా అలవాటు. మెష్ రాసేటట్టయితే సిరీస్, నోడల్ అయితే ప్యారలల్ అని కొందరంటారు, అదీ బాగానే ఉంటుంది.

రెండో_ఏడాది
అర్థమైంది, థాంక్స్ అండీ. ఇంకొక్కటి. మా బ్యాచ్‌లో ఒకడు సిరీస్ సోర్స్‌ని 6 అని కాకుండా 6/s అని పెట్టాడు, "బ్యాటరీ అయినా 12/s అని రాస్తాం కదా" అంటున్నాడు. వాడికి 1.5(1 − e^(−2t)) వచ్చింది.

ల్యాబ్_మూల
సోర్స్ లేని లూప్‌లో కరెంట్ సున్నా నుంచి పెరిగి 1.5 దగ్గర శాశ్వతంగా నిలబడిందా? వాడి దగ్గర కరెంటు బిల్లు లేని ఇల్లు ఉందన్నమాట. ఆ 6 వోల్టులు కాదు, వోల్ట్-సెకన్లు. 2 హెన్రీలు ఇంటూ 3 ఆంపియర్లు. దానికి కింద s ఉండదు. కెపాసిటర్‌కి సిరీస్‌లో పెట్టేది మాత్రం v0/s, ఎందుకంటే అది నిజంగా వోల్టేజే. పైగా దాని దిశ కూడా వేరు: ఇండక్టర్ సోర్స్ కరెంట్‌ని ముందుకు తోసేలా ఉంటుంది, కెపాసిటర్ సోర్స్ ప్లస్ చివర కెపాసిటర్ ప్లస్ వైపే ఉంటుంది. వాడిని కరెంట్‌లో t = 0 పెట్టి చూడమను. 3 రాకపోతే బొమ్మ దగ్గరికి వెనక్కి వెళ్లాలి.

సమీకరణమే_దారి
సమీకరణం రాసుంటే ఆ 6 కింద s పెట్టాలన్న ఆలోచనే వచ్చేది కాదు. రాసి పెట్టుకోండి.