“వ్యతిరేకించేది” దేనిని?

విజయనగరం నుంచి: ఇంటర్‌లో మా మాస్టారు వల్లె వేయించిన లెంజ్ నియమం వాక్యం సగమే గుర్తుంది: “ప్రేరిత విద్యుత్ ప్రవాహం తనను పుట్టించిన ... వ్యతిరేకిస్తుంది.” ఆ ఖాళీలో ఉన్నది “కారణాన్ని” అనా, తీగచుట్ట గుండా పోయే అయస్కాంత క్షేత్రపు మొత్తమైన “అభివాహాన్ని” అనా? పరీక్షకు చదువుతున్న మా అమ్మాయి రెండోదే రాస్తోంది. నా చెవికి అది అతకడం లేదు.

బొబ్బిలి నుంచి: “అభివాహాన్ని” అన్నా దోషం లేదండీ. వ్యతిరేకమంటే ఎదురు. ప్రేరిత క్షేత్రం ఎప్పుడూ అసలు క్షేత్రానికి ఎదురుగా ఉంటుంది కనుకనే సూత్రంలో ఋణ గుర్తు పెట్టారు.

శ్రీకాకుళం నుంచి, విశ్రాంత అధ్యాపకుడు: ఆ “ఎప్పుడూ” దగ్గరే మార్కులు పోతాయి. 200 చుట్లు, 10 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న తీగచుట్ట ఎదుట ఒక అయస్కాంతపు ఉత్తర ధ్రువం ఉందనుకోండి. దాన్ని వెనక్కి లాగగా, చుట్టలోని క్షేత్రం 0.1 సెకనులో 0.05 టెస్లా నుంచి 0.01 టెస్లాకు తగ్గింది. అయస్కాంతం నుంచి చుట్టవైపు పోయే దిశను ధనదిశగా తీసుకుంటే, ఒక్కో చుట్టులో అభివాహ మార్పు −0.00004 వెబర్. ε = −N ΔΦ/Δt లో వేస్తే +0.08 వోల్టు వస్తుంది. అంటే ప్రేరిత క్షేత్రం అసలు క్షేత్రం దిశలోనే ఉండి, తగ్గిపోతున్న దాన్ని నిలబెట్టాలని చూస్తోంది. అయస్కాంతం వైపు నుంచి చూస్తే ప్రవాహం సవ్యదిశలో తిరుగుతుంది. ఆ ముఖం దక్షిణ ధ్రువమై, వెళ్ళిపోతున్న ఉత్తర ధ్రువాన్ని పట్టి లాగుతుంది. ఎదిరించింది అభివాహాన్ని కాదు, దాని తగ్గుదలను.

బొబ్బిలి: జవాబు ధనాత్మకంగా వచ్చిందంటే ఋణ గుర్తు ఏమైనట్టు?

శ్రీకాకుళం: ధనదిశను తిరగేసి మళ్ళీ లెక్క వేయండి. మార్పు +0.00004 అవుతుంది, జవాబు −0.08 వస్తుంది. కానీ ఇప్పుడు ధనాత్మక పరిభ్రమణం అపసవ్యం కనుక, ఋణం మళ్ళీ సవ్యమే. ధనదిశ ఏదో చెప్పకుండా గుర్తు ఒక్కదాన్నే చూసి ప్రవాహ దిశ చెప్పలేం.

ఆమదాలవలస నుంచి: మా పొలం మోటారు ఆపిన ప్రతిసారీ స్విచ్చి దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. తీగ వదులైందేమోనని రెండుసార్లు బిగించాను. ఈ చర్చ చూశాక అనుమానం వచ్చింది.

శ్రీకాకుళం: తీగ వదులై ఉండడం వేరే విషయం, అది ఎలక్ట్రీషియన్ చూడాలి. చుట్ట ఉన్న వలయాన్ని తెంచేటప్పుడు మాత్రం తగ్గుతున్న ప్రవాహాన్ని చుట్ట అదే దిశలో కొనసాగించబోతుంది, అందుకే రవ్వ లేస్తుంది. ఇక్కడా “వ్యతిరేకం” అంటే ఎదురు దిశ కాదు.

టెక్కలి నుంచి: మాస్టారు “కారణాన్ని” అనే ఉంటారు. 1834లో లెంజ్ ప్రకటించిన నియమం అభివాహం గురించి కాదు, చలనం గురించి. కారణమంటే అయస్కాంతాన్ని కదిలించిన చేయి.

శ్రీకాకుళం: అయస్కాంతం కదలకుండా, పక్క చుట్టలో ప్రవాహం మారినప్పుడు చేయి ఎక్కడిది?

టెక్కలి: మరి వలయం తెగి ఉంటే విద్యుచ్ఛాలక బలం ఉంటుంది, ప్రవాహం ఉండదు. అప్పుడు ఎదిరించేది ఎవరు?

విజయనగరం: అమ్మాయి చేత “అభివాహంలోని మార్పును” అని దిద్దించాను. అయితే మా మాస్టారి వాక్యంలో అంత పొడవు మాట లేదని మాత్రం గట్టిగా చెప్పగలను.