రెండు నెలసరుల మధ్య మరకలు: స్కాన్‌లో ఏమీ లేదన్నారు, అయినా ఆగట్లేదు

నాకు 34, మాది కావలి, ఇద్దరు పిల్లలు. నెలసరి 28 రోజులకు సరిగ్గానే వస్తుంది, కానీ ఎనిమిది నెలలుగా మధ్యలో లేత గులాబీ రంగు మరక, ఒక్కోసారి ముదురు గోధుమ రంగులో, ప్యాడ్ అక్కర్లేనంత కొంచెమే. నొప్పి, దురద, వాసన లేవు.

మొదలైనప్పుడు 21 మాత్రల గర్భనిరోధక ప్యాకెట్ వాడుతున్నాను, కొత్తలో మూడు నెలలు ఇలా ఉండటం మామూలే అన్నారు. రాత్రి తొమ్మిదికి అలారం పెట్టుకుని ఒక్కటి కూడా మానకుండా వేసుకున్నా, ఆరో నెల వచ్చినా తగ్గలేదు, దాంతో డాక్టర్‌ను అడిగి ఆపేశాను. ఆపి రెండు నెలలు దాటింది. గర్భ పరీక్ష రెండుసార్లు చేశాను, నెగెటివ్.

అండం విడుదలప్పుడు అవుతుందిలే అని మా వదిన అంటుంది. అదే అయితే 14వ రోజు అటూ ఇటూ రావాలి కదా, పైగా మాత్రల మీద ఉన్నప్పుడు అండం విడుదల కాదంటారు మరి! వంటింటి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే పోయిన నెల 11, 19 రోజుల్లో, ఈ నెల 9, 22 రోజుల్లో కనిపించింది. నాలుగింట్లో మూడు కలిసిన మర్నాడే. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ అసలు సంగతి అదే అనిపిస్తోంది.

నెల్లూరులో పొట్ట మీద నుంచి స్కాన్ తీసి గర్భసంచి బాగుందన్నారు, లోపల పరికరం పెట్టి మాత్రం చూడలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నా.

గర్భాశయ ముఖద్వారం దగ్గర పాలిప్ ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి, మీకూ స్కాన్‌లో కనపడకుండా పరికరంతో చూసినప్పుడే బయటపడిందా?