ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ తర్వాత థాంక్యూ మెయిల్: రెజ్యూమె జత చేయాలా, వద్దా?

సీతమ్మధార బీకాం
పోర్టు దగ్గర ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూసే మేడమ్‌తో నిన్న సాయంత్రం ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఉద్యోగం అడగను, పని గురించి తెలుసుకుంటాను అని ముందే చెప్పి టైమ్ తీసుకున్నాను. ఇప్పుడీ మెయిల్ పంపుదామనుకుంటున్నాను, చూసి చెప్పండి:

"నమస్కారం మేడమ్. మీ విలువైన సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు. మీ మాటలు నాకెంతో స్ఫూర్తినిచ్చాయి. మీ సంస్థలో ఏవైనా అవకాశాలుంటే దయచేసి నన్ను గుర్తుంచుకోగలరు. రెజ్యూమె జత చేశాను."

గాజువాక శీను
పంపీండి. అడగందే అమ్మయినా పెట్టదు. ఆవిడకీ తెలుసు మీరెందుకొచ్చారో. దాచడం ఎందుకు, సిగ్గేటి ఇందులో?

తీరం
శీను గారూ, అడగడం తప్పు కాదు. కానీ "అడగను" అని మాటిచ్చి టైమ్ తీసుకున్నారు కదా, ఇరవై నాలుగు గంటల్లో ఆ మాట తప్పితే నిన్నటి ఇరవై నిమిషాలూ సాకుగా కనిపిస్తాయి. "అవకాశాలుంటే గుర్తుంచుకోండి" అన్నా అడిగినట్టే, కాకపోతే మొహమాటంగా అడిగినట్టు.

రెజ్యూమె జత చేస్తే ఇంకో నష్టం ఉంది. డాక్యుమెంటేషన్ చూసే మనిషి చేతిలో ఉద్యోగాలుండవు. ఆ ఫైలుతో ఆవిడ చేయగలిగింది ఒక్కటే, హెచ్ఆర్‌కి ఫార్వర్డ్ చేయడం. అక్కడ ఖాళీ లేకపోతే "ప్రస్తుతానికి ఏమీ లేవమ్మా" అని ఒక్క లైన్ వస్తుంది. ఆ తర్వాత మీరు ఏం రాసినా మళ్లీ దాని గురించే అనుకుంటారు. తెరిచి ఉన్న తలుపును మీరే మూయించుకున్నట్టు.

డ్రాఫ్టులో అంతకంటే పెద్ద లోపం "స్ఫూర్తినిచ్చాయి" అన్న మాట. అది ఎవరికైనా పంపొచ్చు. ఆవిడ చెప్పినవాటిలో మీకు బాగా గుర్తున్నది ఏమిటి? అది రాయండి, దాన్నిబట్టి మెయిల్ చూద్దాం.

మధురవాడ ఎంబీఏ
రెండు రోజులు ఆగి రాయడమే మంచిది. రిజల్ట్ ఎప్పుడు చెప్తారో, తర్వాతి రౌండ్ ఉందో లేదో మర్యాదగా అడగండి. నాకు ఆ మెయిల్ వల్లే సెకండ్ రౌండ్ పిలుపొచ్చింది.

లాసన్స్ బే
మధురవాడ గారూ, అది ఉద్యోగం ఇంటర్వ్యూ సంగతి. ఇక్కడ రౌండూ లేదు, రిజల్టూ లేదు. రెండు రోజులు ఆగక్కర్లేదు కూడా, ఆవిడకు సంభాషణ గుర్తుండగానే, అంటే ఈరోజే వెళ్లాలి. ఇంకో మాట, అసలు మెయిల్ ఎందుకు? మన దగ్గర అందరూ వాట్సాప్‌లోనే కదా, అందులో పెడితే వెంటనే చూస్తారు.

సీతమ్మధార బీకాం
గుర్తున్నది ఫ్రోజెన్ రొయ్యల ఎక్స్‌పోర్ట్ గురించి చెప్పింది. రొయ్య మీద మంచు పూత ఉంటుందట, గ్లేజ్ అంటారట. దాని బరువును నికర బరువులో కలిపేస్తే ఇన్‌వాయిస్‌కీ ప్యాకింగ్ లిస్టుకీ పొంతన కుదరదు, కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు అదే అన్నారు. కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు ఫైల్ చేసేముందు ఆ రెండూ, ఈ బిల్లూ, మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోమన్నారు. చివర్లో "సీజన్‌లో మాకు మనుషులు చాలరు" అని కూడా అన్నారు. అది నాకోసం అన్నారా అని అనుమానం.

తీరం
రాయాల్సింది ఇదిగో, మీరే చెప్పేశారు. ఇలా పెట్టండి:

"నమస్కారం మేడమ్. నిన్న సాయంత్రం ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పినందుకు థాంక్స్. గ్లేజ్ బరువు నికర బరువులో కలవకూడదన్న మాట నాకు కొత్త. ప్యాకింగ్ లిస్టులో ఆ గడి ఎందుకంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. మీరు చెప్పినట్టే ఒక నమూనా ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు పక్కపక్కన పెట్టి ఈ నెలాఖరులోగా సరిచూస్తాను. ఏం తేలిందో రెండు మాటల్లో మీకు రాస్తాను. దీనికి జవాబు ఇవ్వనక్కర్లేదు."

ఆరేడు వాక్యాలు, ఫోన్‌లో స్క్రోల్ చేయకుండా చదివేంత. తలుపు తెరిచి ఉంచేది "నెలాఖరులోగా రాస్తాను" అన్న మాట. మళ్లీ రాయడానికి మీకో కారణం దొరికింది, ఆవిడ మీద భారం పడలేదు. చివర్లో ప్రశ్న పెట్టొద్దు. ప్రశ్న ఉంటే జవాబు బాకీ పడుతుంది, బాకీ పడ్డ మెయిల్‌ని జనం తర్వాత చూద్దామని వదిలేస్తారు. సబ్జెక్ట్ లైన్‌లో ఒట్టి "థాంక్యూ" వద్దు, "నిన్నటి మాటలు, గ్లేజ్ బరువు" అని పెడితే మూడు వారాల తర్వాత వెతికినా దొరుకుతుంది.

నెలాఖరున రెండో మెయిల్ అదే మెయిల్‌కి రిప్లయ్‌గా వెళ్లాలి, అప్పుడు మొదటిది కింద కనిపిస్తుంది. అందులో ఫలితం రాయండి. ఉదాహరణకు: "నమూనా కాగితాల్లో ఇన్‌వాయిస్‌లో నికర బరువు 16,000 కిలోలు, ప్యాకింగ్ లిస్టులో 16,800. తేడా 800, సరిగ్గా ఐదు శాతం. గ్లేజ్ కలిపి రాశారని అర్థమైంది." ఈ ఒక్క లెక్క చాలు, ఈ అబ్బాయి చెప్పింది విని చేశాడని ఆవిడకు తెలుస్తుంది. చేయకుండా మాత్రం రాయొద్దు. చేస్తానని చెప్పి రెండో మెయిల్ పంపకపోతే మొదటిది రాయకపోవడమే నయం.

లాసన్స్ బే గారి మాట సగం నిజం. టైమ్ ఇచ్చింది వాట్సాప్‌లో అయితే అక్కడే పంపొచ్చు. కానీ ఆవిడ ఎవరికైనా "ఈ అబ్బాయిని చూడండి" అని పంపాలనుకుంటే మెయిల్‌ని తేలిగ్గా ఫార్వర్డ్ చేస్తారు, వాట్సాప్ మెసేజ్ చాలాసార్లు ఆ చాట్‌లోనే ఉండిపోతుంది. ఇక వాట్సాప్‌లో పరిచయం మొదలైతే రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపడమూ మొదలవుతుంది, అది మాత్రం వద్దు.

గాజువాక శీను
మెయిల్ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ "మనుషులు చాలరు" అని ఆవిడే నోరు తెరిచి అన్నప్పుడు ఉలుకూ పలుకూ లేకపోతే ఈ అబ్బాయికి ఆసక్తి లేదనుకోరా? తలుపు తీసి పట్టుకున్న మనిషి ముందు నుంచుని గోడ చూసినట్టుంటాది.

తీరం
"మీ రెజ్యూమె పంపండి" అని ఉంటే ఈ చర్చే లేదు, ఈరోజే మెయిల్‌లోనే జత చేసి "మీరడిగిన రెజ్యూమె" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అన్నది అది కాదు. తన పని కష్టం చెప్పుకుని ఉండొచ్చు.

లాసన్స్ బే
ఇక్కడ నేను శీను గారి వైపే. అడగకుండానే ఆ మాట అందుకోవచ్చు: "సీజన్‌లో పని ఎలా పెరుగుతుందో మీరు చెప్పింది ఆసక్తిగా అనిపించింది" అని ఒక వాక్యం. ఆవిడ కావాలనే అని ఉంటే అర్థమవుతుంది, కాకపోతే మామూలు మాటగానే పోతుంది.

తీరం
ఆ వాక్యానికి అభ్యంతరం లేదు, కానీ మొదటి మెయిల్‌లో కాదు, లెక్క చూపించాక రెండో మెయిల్‌లో అయితే బరువుంటుంది.

గాజువాక శీను
నెలాఖరుకి సీజన్ ఉంటాదో లేదో ఎవరు చూశారండి? ఇప్పుడే రాయమంటాను.

సీతమ్మధార బీకాం
రెజ్యూమె తీసేశాను, గ్లేజ్ మాట పెట్టాను. సీజన్ వాక్యం మాత్రం ఒకసారి రాసి, ఒకసారి తీసేసి కూర్చున్నాను. సాయంత్రం ఆరులోపు ఏదో ఒకటి తేల్చుకుని పంపేస్తాను. ఆవిడ పేరు స్పెల్లింగ్ విజిటింగ్ కార్డు మీద ఒకలా, ఫోన్‌లో ఒకలా ఉంది, ఏది వాడను?

తీరం
కార్డు మీదున్నదే.