గదిలో హీటర్ వేస్తే గాలి శక్తి పెరుగుతుందా, పెరగదా?

కొత్త లెక్చరర్: ఇంటర్ ఫిజిక్స్ క్వశ్చన్ బ్యాంకు తయారుచేస్తున్నాం. ఒక్క బిట్ దగ్గర స్టాఫ్ రూమ్ రెండుగా చీలిపోయింది. "గదిలో హీటర్ వేసి గాలిని 17 డిగ్రీల నుంచి 27 డిగ్రీలకు వేడిచేశారు. తలుపు, కిటికీ సందుల్లోంచి గాలి బయటికి పోగలదు. గదిలోని గాలి మొత్తం అంతర్గత శక్తి ఏమవుతుంది?" ఆప్షన్లు నాలుగు: పెరుగుతుంది, తగ్గుతుంది, మారదు, చెప్పలేం. కీలో "మారదు" అని ఉంది. కీ తప్పా, మేం తప్పా?

సగం మార్కు: కీ తప్పే సర్. ఇందులో చర్చ ఏముంది? అంతర్గత శక్తిలో మార్పు nCvΔT. Cv పాజిటివ్, ΔT పాజిటివ్. పెరగక ఏం చేస్తుంది? హీటర్ వేస్తే గది వెచ్చబడుతుందని మా అమ్మమ్మకి కూడా తెలుసు.

చాక్‌పీస్: మీ ఫార్ములా సరైనదే, కానీ అందులో n మారదని అనుకుంటున్నారు. ప్రశ్నలో గాలి బయటికి పోతోందని చెప్పారు కదా.

లెక్క వేసి చూద్దాం. గది 4 మీటర్లు, 3 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకోండి. 36 ఘనపు మీటర్లు. పీడనం లక్ష పాస్కల్. PV = nRT లో పెడితే 17 డిగ్రీల దగ్గర, అంటే 290 కెల్విన్ దగ్గర, గదిలో సుమారు 1493 మోల్‌ల గాలి ఉంటుంది. 300 కెల్విన్ దగ్గర 1443. అంటే 50 మోల్‌లు, బరువులో చెప్పాలంటే ఒకటిన్నర కిలోల కన్నా కాస్త తక్కువ గాలి, సందుల్లోంచి బయటికి పోయింది.

గాలిలో దాదాపు అంతా నైట్రోజన్, ఆక్సిజన్. రెండూ రెండేసి పరమాణువులవి కాబట్టి మోల్‌కి శక్తి (5/2)RT. మొత్తం (5/2)nRT. ఆ nRT బదులు PV రాయండి. శక్తి (5/2)PV అయింది. ఇందులో T ఎక్కడుంది? పీడనం బయటి వాతావరణానిది, ఘనపరిమాణం గదిది, రెండూ మారలేదు. వేడిచేయకముందు 90 లక్షల జౌళ్లు, వేడిచేశాక కూడా 90 లక్షల జౌళ్లే. ఒక్కో అణువు శక్తి ఎంత నిష్పత్తిలో పెరిగిందో, అణువుల సంఖ్య సరిగ్గా అంతే నిష్పత్తిలో తగ్గింది. ఇది కొత్త తమాషా కాదు, 1938లోనే రాబర్ట్ ఎమ్డెన్ నేచర్ పత్రికలో ఈ విషయం మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు.

సగం మార్కు: మరి హీటర్ ఇచ్చిన కరెంటంతా ఏ గంగలో కలిసింది? శక్తి నిత్యత్వం ఉందా లేదా?

చాక్‌పీస్: ఉంది, బయట ఉంది. పైన చెప్పిన గదికి గాలి వరకే చూస్తే హీటర్ ఇవ్వాల్సింది సుమారు 4 లక్షల 27 వేల జౌళ్లు. ఒక కిలోవాట్ హీటర్‌కి ఏడు నిమిషాల పని. బయటికి పోయిన 50 మోల్‌లు తమతోపాటు 3 లక్షల 5 వేల జౌళ్ల అంతర్గత శక్తిని పట్టుకెళ్లాయి. మిగతా లక్షా 22 వేలు బయటి వాతావరణాన్ని నెట్టి చోటు చేసుకోవడానికి అయిన పని. రెండూ కలిపితే లెక్క సరిపోతుంది.

మీ nCvΔT కూడా ఒక కోణంలో నిజమే. మొదట గదిలో ఉన్న ఆ 1493 మోల్‌లను, బయటికి వెళ్లినవాటితో సహా, గుర్తుపెట్టుకుని లెక్కేస్తే వాటి శక్తి పెరిగింది. కానీ ఆ పెరుగుదల గదిలో లేదు. ప్రశ్న అడిగింది "గదిలోని గాలి" గురించి.

అయితే నిజం గది ఏడు నిమిషాల్లో ఎప్పుడూ వెచ్చబడదు. గోడలు, మంచం, బీరువా కూడా వేడెక్కాలి. నిజానికి ఎక్కువ భాగం అవే తాగేస్తాయి.

గోడ పక్షం: ఇంతవరకు ఎవరూ గోడల వ్యాకోచం సంగతి ఎత్తలేదేంటి? ఉష్ణ వ్యాకోచం చాప్టర్ ఇదే యూనిట్ పక్కన ఉంది. గోడలు కూడా 10 డిగ్రీలు వేడెక్కితే గది పెద్దదవుతుంది. V మారుతుంది. అప్పుడు (5/2)PV పెరుగుతుంది. కాబట్టి జవాబు "పెరుగుతుంది".

చాక్‌పీస్: అడ్వొకేట్ అవ్వాల్సిన మనిషి మీరు. సరే, ఎంతో చూద్దాం. కాంక్రీట్ పొడవు డిగ్రీకి లక్షలో ఒక వంతు పెరుగుతుంది. ఘనపరిమాణానికి మూడు రెట్లు, 10 డిగ్రీలకు పదివేలలో మూడు వంతులు. 36 ఘనపు మీటర్ల గదికి అది 11 లీటర్లు, రెండు చిన్న బిందెలు. అదే 10 డిగ్రీలకు సందుల్లోంచి పోయిన గాలి 1200 లీటర్లు. మీరన్న పెరుగుదల 90 లక్షల జౌళ్లలో 2700. ఘనపదార్థం వ్యాకోచానికీ వాయువు వ్యాకోచానికీ తేడా ఎంతో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, దానికి మాత్రం థ్యాంక్స్.

మైథిలి: అలాగైతే నాదొక డౌట్. అంచుదాకా నీళ్లు పోసిన గిన్నెని వేడిచేస్తే కూడా కొంత పొర్లిపోతుంది. అక్కడ కూడా "శక్తి మారలేదు" అంటారా? మా పిల్లలు కచ్చితంగా అడుగుతారు.

చాక్‌పీస్: మంచి ప్రశ్న మేడం. అక్కడ కుదరదు. లీటరు నీటిని 20 నుంచి 30 డిగ్రీలకు వేడిచేస్తే పొర్లేది రెండున్నర గ్రాములు, గిన్నె వ్యాకోచం వదిలేస్తే. లోపలికి చేరిన శక్తి దాదాపు 42 వేల జౌళ్లు. ఆ రెండున్నర గ్రాములు ఏం పట్టుకెళ్తాయి? వాయువు ప్రత్యేకత ఏమిటంటే దాని వ్యాకోచ గుణకం సరిగ్గా 1/T. 290 కెల్విన్ దగ్గర డిగ్రీకి 290వ వంతు గాలి బయటికి పోతుంది, మిగిలిన ప్రతి అణువు శక్తీ 290వ వంతు పెరుగుతుంది. అందుకే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నీటికి ఆ పొంతన లేదు.

కిరాణా కొట్టు: నేను ఫిజిక్స్ వాణ్ని కాదు, మా కొట్టులో ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్ ఉంది, దాని గురించి అడుగుతున్నా. మూత తీసి, మూసి, వెంటనే మళ్లీ తీయబోతే రాదు, ఎవరో లోపలినుంచి పట్టుకున్నట్టు ఉంటుంది. నిమిషం ఆగితే మామూలుగా వస్తుంది. మెకానిక్‌ని అడిగితే రబ్బరు మార్చాలి అన్నాడు. ఇది మీరు మాట్లాడుకునేదేనా? లేక రబ్బరు మార్చేయమంటారా?

చాక్‌పీస్: ఇది మా చర్చకి తలకిందుల కేసు, రబ్బరు మార్చకండి. అది బాగుంది కాబట్టే అలా అవుతోంది. మూత తీసినప్పుడు 30 డిగ్రీల గాలి లోపలికి దిగింది. మూసిన మరుక్షణం అది చల్లబడుతుంది, కానీ బయటి గాలి లోపలికి రావడానికి సందు చాలదు. పీడనం పడిపోతుంది. గాలి మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, ఒక శాతం తగ్గుతుంది, అంటే వెయ్యి పాస్కల్. మీ మూత అరమీటరు, అరవై సెంటీమీటర్లు అనుకుంటే దాని మీద 30 కిలోల బరువు పెట్టినట్టు. నిమిషంలో గాలి సన్నగా లోపలికి చేరి సరిపోతుంది.

లెక్చరర్ గారికి దీనితోనే ఇంకో మాట. గదికి సందులు లేవు అనుకుని పూర్తిగా బిగిస్తే, అదే 10 డిగ్రీలకు పీడనం 3400 పాస్కల్ పెరుగుతుంది. రెండు చదరపు మీటర్ల తలుపు మీద దాదాపు 700 కిలోల బరువు. ఏ గొళ్లెమూ ఆగదు. మన ఇళ్లలో హీటర్ వేస్తే తలుపులు ఊడి పడట్లేదంటే గాలి పోతోందన్నమాటే. ప్రశ్నలో "పోగలదు" అన్నమాట తీసేస్తే మాత్రం జవాబు మారిపోతుంది.

పాత ఎగ్జామినర్: ఇంతసేపు చదివాను. చాక్‌పీస్ గారి అంకెలన్నీ కరెక్టే, కానీ కీ కరెక్టని నేను ఒప్పుకోను. అంతర్గత శక్తికి సున్నా ఎక్కడ పెట్టారు? (5/2)nRT అని రాయడంలోనే సున్నా కెల్విన్ దగ్గర శక్తి సున్నా అని చెప్పకుండా అనేసుకున్నారు. నేను 17 డిగ్రీల దగ్గర సున్నా పెట్టుకుంటాను, నన్నెవరు ఆపుతారు? అప్పుడు మొదట శక్తి సున్నా. చివర 1443 మోల్‌లు, ఒక్కోటి 10 డిగ్రీలు ఎక్కువ, మొత్తం 3 లక్షల జౌళ్లు. పెరిగింది! అణువు లోపల బంధాల్లో, కేంద్రకాల్లో ఉన్న శక్తి కూడా లెక్కపెడితే, 50 మోల్‌లు పోయాయి కాబట్టి తగ్గింది. గాలి పరిమాణం మారని చోట సున్నా ఎక్కడున్నా తేడా రాదు. ఇక్కడ గాలి మారుతోంది, కాబట్టి వస్తుంది. నా దృష్టిలో "చెప్పలేం" పెట్టిన పిల్లవాడికే అందరికన్నా ఎక్కువ తెలుసు, వాడికే సున్నా మార్కులు.

సగం మార్కు: అయితే నా "పెరుగుతుంది" కూడా కరెక్టే అన్నమాట!

పాత ఎగ్జామినర్: మీరు చెప్పిన కారణానికి కాదు.

చాక్‌పీస్: పాత ఎగ్జామినర్ గారూ, "అంతర్గత శక్తి" అన్న మాట వరకు మీకే ఓటు. కానీ ఇది అణుచలన సిద్ధాంతం చాప్టర్‌లోని బిట్. గతిజశక్తికి సున్నా మన ఇష్టం కాదు, అణువు కదలకపోతే సున్నా. "గాలి అణువుల మొత్తం గతిజశక్తి" అని మారిస్తే మీ అభ్యంతరం పోతుందా? నైట్రోజన్ అణువు సగటు వేగం, ఆర్‌ఎంఎస్ లెక్కన, సెకనుకి 508 మీటర్ల నుంచి 517కి పెరిగింది. కానీ అణువులు తగ్గాయి, మొత్తం మారలేదు. మనకి వెచ్చగా అనిపించేది ఒక్కో అణువు సంగతి, మొత్తం సంగతి కాదు.

పాత ఎగ్జామినర్: సగం పోతుంది. పీడనం స్థిరమని, గాలి ఆదర్శ వాయువని కూడా రాయండి. అప్పుడు కూడా ఒక నిమిషం బిట్‌గా దీన్ని ఇవ్వడం అన్యాయమనే నా అభిప్రాయం. నాలుగు మార్కుల ప్రశ్నగా ఇచ్చి కారణం రాయమనండి.

కొత్త లెక్చరర్: గతిజశక్తి అని మార్చి, స్థిర పీడనం చేర్చి పంపించాను. బిట్‌గానే ఉంచారు. మా హెచ్‌ఓడీ ఇంకా "పెరుగుతుంది" దగ్గరే ఉన్నారు, ఈ పేజీ ప్రింట్ తీసి ఆయన టేబుల్ మీద పెట్టాను.

కిరాణా కొట్టు: సార్, ఉల్లిపాయలు తూచే కొక్కెం కాటా తగిలించి ఫ్రీజర్ మూత లాగి చూశాను. నిమిషం ఆగి లాగితే 2 కిలోలకే లేచింది. మూసిన వెంటనే లాగితే 11 దగ్గర లేచింది. మీరు 30 అన్నారు.

చాక్‌పీస్: మీరు లాగింది మూత అంచు దగ్గర, అటు పక్క బందులున్నాయి. కాబట్టి సగం బలమే చాలు. 11లోంచి మూత సొంత బరువు 2 తీసేస్తే 9, రెండింతలు చేస్తే 18 కిలోలు. నేను చెప్పిన ఒక శాతం కాదు, మీ ఫ్రీజర్‌లో 0.6 శాతం పడింది. మూత ఎంతసేపు తెరిచి ఉంచారు?

కిరాణా కొట్టు: ఒక చాకోబార్ తీసేంతసేపు. రేపు స్టాక్ సర్దేటప్పుడు ఎక్కువసేపు తీసి ఉంచి మళ్లీ తూస్తా.