ఈ వారం సమస్య: చంపనట్టివాఁడు చంపినాఁడు

నిర్వాహకుడు, నల్లగొండ: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. షరతు ఒక్కటే. పూరణ హన్ ధాతువు మీదే నడవాలి. గీత 2.21లో "కం ఘాతయతి హంతి కమ్" అని రెండు క్రియలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది చంపించును, రెండోది చంపును. అదే ధాతువుకు జిఘాంసతి, అంటే చంపగోరును, అనే మూడో రూపమూ ఉంది. మీ పూరణ ఈ మూడింటిలో దేని మీద నిలిచిందో పద్యం కింద రాయండి.

దేవరకొండ యాదగిరి: నాది జిఘాంసతి మీద.

చంపఁ గోరినంతఁ జంపిన యట్లయ్యె
కత్తి యొరను నుండుఁ గాక యేమి
తలఁపులోనఁ జేయి తాఁకెను శత్రువుఁ
జంపనట్టివాఁడు చంపినాఁడు

హన్ ఘ అయింది గదా, ఘాతయతిలాగనే ఇదీ ప్రేరణే అనుకున్న. మనసు చంపించింది.

వనపర్తి సారు: యతులు కుదిరాయి, నడక బాగుంది. కానీ యాదగిరీ, ఘ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకు. రెండు రూపాల్లోనూ హ పోయి ఘ వచ్చింది, అందుకే తికమక. ముందు పదం మొదలు చూడు. జిఘాంసతిలో ధాతువు ముందు "జి" అదనంగా చేరింది, అది అభ్యాసం. తరువాత చివర చూడు, తి ముందు "స" ఉంది. ఈ రెండూ కలిస్తేనే కోరికను చెప్పే సన్నంతం. ఘాతయతిలో అభ్యాసమే లేదు. అక్కడ న కాస్తా త అయింది, వెనక "అయ" తగిలింది. అది చేయించడాన్ని చెప్పే ణిచ్చు.

అభ్యాసం ఒక్కటి చూసి సన్ అన్నా పొరపాటే. "జఘాన" అంటే చంపాడు అని, అది గతాన్ని చెప్పే లిట్టు. దానిలోనూ మొదటి అక్షరం రెట్టించింది గాని స లేదు. పైగా అక్కడ అభ్యాసం "జ", సన్నంతంలో "జి". అకారం ఉన్న ధాతువుకు సన్ వస్తే అభ్యాసంలో ఇకారం వస్తుంది. ఉకారం ఉన్నదానికి ఉకారమే ఉంటుంది. గీత మొదటి శ్లోకంలో యుయుత్సవః, అంటే యుద్ధం చేయగోరేవారు, చూడు.

ఇక అర్థం సంగతి. సన్నంతంలో కోరేవాడూ చేసేవాడూ ఒకడే. కోరిక చెప్తుందే గాని పని అయిపోయిందని చెప్పదు. నీ పద్యంలో "కోరినంతఁ జంపిన యట్లయ్యె" అన్నది నువ్వు కల్పించిన తీర్పు, జిఘాంసతి ఇచ్చింది కాదు. సమస్య "చంపినాఁడు" అంటోంది. కత్తి ఒరలోనే ఉండిపోతే ఆ మాట నిలవదు.

మిర్యాలగూడ రమణమ్మ: నాది ఘాతయతి మీద. భాగవతం దశమస్కంధం ఆరో అధ్యాయంలో పూతన "కంసేన ప్రహితా", అంటే కంసుడు పంపగా వచ్చింది.

పూతననుఁ బనిచెను బొమ్మంచుఁ గంసుండు
పల్లెపల్లె శిశువుఁ బట్టి చంపె
చేయి యెత్తకున్నఁ జేయించెఁ గావునఁ
జంపనట్టివాఁడు చంపినాఁడు

నిర్వాహకుడు, నల్లగొండ: విషయం బాగా దొరికింది రమణమ్మ గారూ. రెండో పాదంలోనే చిక్కు. "చంపె" అన్నదానికి కర్త కనబడదు. మొదటి పాదంలోని కంసుడే పట్టి చంపినట్టు చదువుకుంటే పూరణ కూలుతుంది. ప్రేరణలో ఇద్దరు కనబడాలి, చేసేది ఒకరు, చేయించేది ఒకరు. "పడఁతి పల్లె శిశువుఁ బట్టి చంపె" అంటే యతి చెడదు, కర్తా దొరుకుతుంది.

మిర్యాలగూడ రమణమ్మ: ఆ సవరణ తీసుకున్నానండీ.

కొల్లాపూర్ సభ్యుడు: సారూ, పద్యం రాయలేదు గని, నాదొక సందేహం. గీత 9.22 తెలుగు చేస్తున్న. "అనన్యాశ్చింతయంతో మాం" కాడ అయ కనబడ్డది, "నన్ను చింతింపజేయువారు" అని పెట్టిన. చదివితే అర్థం ఎటో పోతున్నది.

వనపర్తి సారు: పోక ఏం చేస్తుంది! అది చురాది ధాతువు, అయ దానికి పుట్టుకతోనే ఉంది. అయ తీసేసి చూడు. చేసేవాడొకడు, చేయించేవాడొకడు అని ఇద్దరు విడిగా దొరకాలి. ఇక్కడ భక్తులే కర్తలు, "మాం" వాళ్లు తలచేది. ఇద్దరు లేరు గనుక "నన్నే చింతించువారు" అను చాలు. తెలుగులోనూ "చింతించు, పూజించు"లో ఇంచు ఉంది, అది ప్రేరణ కాదు గదా. 5.13లో "నైవ కుర్వన్న కారయన్" చూడు, అక్కడ ఒకే ధాతువు రెండు రూపాల్లో ఉంది. చేయక, చేయింపక అని రెండూ తెలుగులోకి దిగాలి.

దేవరకొండ యాదగిరి: ఒప్పుకున్న సారూ. మరి సమస్యలోనే తప్పున్నది గదా. కంసుడు చంపించిండు. "చంపినాఁడు" అనొచ్చునా? ఇంచు ఏది?

వనపర్తి సారు: మంచి ప్రశ్న. మన దగ్గర "బోరేసిండు" అంటే రిగ్గు మీద ఎక్కి వేశాడని ఎవరనుకుంటారు? మహాభాష్యంలో "హేతుమతి చ" సూత్రం కింద పతంజలి సరిగ్గా ఇదే ఎత్తుకున్నాడు. ఒకడు ఓ మూల ఊరకే కూర్చున్నాడు, జనం మాత్రం "ఐదు నాగళ్లతో దున్నుతున్నాడు" అంటారు. కర్షయతి అనాల్సిన చోట కృషతి ఎందుకంటున్నారని ప్రశ్న. జవాబేమిటంటే, దున్నడమంటే నాగలి పట్టడం ఒక్కటే కాదు. తిండి, విత్తనం, ఎద్దులు సమకూర్చడమూ దున్నడమే. కాబట్టి ణిచ్చు లేకుండానే చేయించేవాడికి క్రియ అంటుతుంది. సమస్య నిలిచింది ఈ సందులోనే.

పాలమూరు సభ్యురాలు: అయితే ఇదిగో.

గట్టుమీఁద నుండి కదలని యా రైతు
దుక్కి దున్నె నండ్రు తోడివారు
ఆజ్ఞ యిచ్చినట్టి యా రాజు నట్లనే
చంపనట్టివాఁడు చంపినాఁడు

నిర్వాహకుడు, నల్లగొండ: ఈ వారం దీనికే నా ఓటు. ఒక్క హెచ్చరిక. ఈ వెసులుబాటు అనువాదంలో వాడొద్దు. 2.21లో హంతి, ఘాతయతి ఎదురెదురుగా ఉన్నాయి. రెంటికీ "చంపును" అంటే శ్లోకం సగం పోయినట్టే.

మిర్యాలగూడ రమణమ్మ: ఆ "కం" ఎవరండీ? "ఎవరిచేత చంపించును" అని కొన్ని చోట్ల చూశాను.

వనపర్తి సారు: వ్యాకరణం ప్రకారం చచ్చేవాడే. ప్రేరణలో అసలు పని చేసేవాడికి ద్వితీయ రావాలంటే ధాతువు పోవడం, తెలియడం, తినడం వంటి అర్థాల్లో ఉండాలి, లేదా అకర్మకం కావాలి. హన్ వాటిలో చేరదు. చంపేవాడికి తృతీయ వస్తుంది, "కేన" కావాలి. ఉన్నది "కం" గనుక "ఎవరిని చంపించును" అనే నేనంటాను.

నిర్వాహకుడు, నల్లగొండ: శంకరభాష్యం ఘాతయతికి "హంతారం ప్రయోజయతి", అంటే చంపేవాణ్ణి పురికొల్పును, అంటుంది గదా, అక్కడ చంపేవాడే ద్వితీయలో ఉన్నాడు.

వనపర్తి సారు: అది క్రియకు వివరణ. "ప్రయోజయతి" అన్న వేరే మాటకు అది కర్మ. "కం" పదానికి అర్థం కాదు.

నిర్వాహకుడు, నల్లగొండ: నాకింకా పూర్తిగా ఎక్కలేదు, ఉండనీండి.

దేవరకొండ యాదగిరి: సారూ, ఇంకొకటి. చంపడానికి మీదికొచ్చే ఆతతాయి గురించి స్మృతుల్లో "జిఘాంసంతం జిఘాంసీయాత్" అని వస్తది. మొదటిది "చంపవచ్చేవాణ్ణి" అంటే సరిపోయింది. రెండోది "చంపగోరవచ్చు" అంటే నవ్వులాటగున్నది. అక్కడ "చంపవచ్చు" అనే గదా అసలు మాట? సన్ కోరిక దగ్గరే ఆగుతదంటిరి.

వనపర్తి సారు: ఆగుతుంది, అందుకే నేను "చంపఁబూనవచ్చు" అని రాస్తాను. "చంపవచ్చు" అంటే శ్లోకంలోని సన్ గాల్లో కలిసిపోతుంది.

పాలమూరు సభ్యురాలు: తర్వాతి మాటే "న తేన బ్రహ్మహా భవేత్", అంటే దానితో బ్రహ్మహత్య చేసినవాడు కాడని. చంపితేనే గదండీ ఆ దోషం మాట వచ్చేది? పూనుకున్నంత మాత్రాన బ్రహ్మహత్య ఎట్లా అంటుతుంది? నేనైతే "చంపవచ్చు" అనే రాస్తాను.