పార్సిల్ "ముట్టలేదు" అనాలా, "బట్వాడా కాలేదు" అనాలా? తపాలా శాఖకు రాసే ఉత్తరంలో ఒక్క వాక్యం

గోదారి పాఠకురాలు:
మా తాతగారి కాపీ పుస్తకంలో పోస్టుమాస్టరుకు రాసే నమూనా ఉత్తరం ఒకటి ఉండేది. రిజిస్టర్డ్ పార్సిల్ పోయినప్పుడు దాని జాడ తీయించమని, దొరకకపోతే నష్టపరిహారం ఇప్పించమని అడిగే ఉత్తరం. అందులో ఒక వాక్యం సగమే గుర్తుంది: "సదరు పార్సెలు నేటికిని చిరునామాదారునకు ము..." ఆ తర్వాతి మాట "ముట్టలేదు" అనే నా నమ్మకం. అమ్మ మాత్రం "చేరలేదు" అంటోంది. ఇప్పుడు నిజంగానే అలాంటి ఉత్తరం రాయాల్సి వచ్చింది. బెంగళూరులో ఉన్న అక్కకు మార్చి 3న పుస్తకాల పార్సిల్ పంపాను, ఇంకా చేరలేదు. ఆ వాక్యం పూర్తిగా ఎవరికైనా గుర్తుందా?

ఓరుగల్లు:
"ముట్టలేదు" అనే ఉంటుంది, అందులో అనుమానం అక్కర్లేదు. మా దిక్కు "పైసలు ముట్టినయా", "ఉత్తరం ముట్టింది" అని ఇప్పటికీ అంటాం. పాత రసీదుల్లో "పైకం ముట్టినది" అని రాసి సంతకం చేసేవారు కదా. చేతికి అందిందని ఒప్పుకొనే మాట అది.

పద్యప్రియుడు:
రసీదులో ఉన్నంత మాత్రాన ఫిర్యాదులోకి రాదు. ముట్టడం అంటే ముందు తాకడం. డబ్బు ముడుతుంది, చెయ్యి ముడుతుంది. పార్సిల్ చేరుతుంది. పైగా "చిరునామాదారునకు ముట్టలేదు" అంటే చెవికి ఇబ్బందిగా ఉంది. అక్కడ "చేరలేదు" అన్నదే కుదురుతుంది.

పాత సార్టరు:
నేను ఉత్తరాలు, పార్సిళ్లు ఊళ్లవారీగా వేరుచేసి పంపే రైల్వే మెయిల్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాను. మీరిద్దరూ చెప్పినవి మంచి తెలుగే. అయితే శాఖలో వాడే మాట "బట్వాడా". ఫిర్యాదు చదివే గుమాస్తా ముందు వెతికేది కూడా ఆ మాటనే. "చేరలేదు" అని రాస్తే మీ అక్కగారి చేతికి రాలేదని అర్థం. "బట్వాడా కాలేదు" అని రాస్తే మా రికార్డులో బట్వాడా నమోదు కాలేదని అర్థం. ఈ రెండూ ఒకటి కావు. ముందు ట్రాకింగ్‌లో చివరి వరుస ఏముందో చెప్పండి.

గోదారి పాఠకురాలు:
మార్చి 3న `Item Booked`, అదే రోజు `Item Bagged`. 5న దారిలోని ఒక సార్టింగ్ కేంద్రం నుంచి `Item Dispatched`. అంతే, ఆ తర్వాత ఏమీ లేదు.

పాత సార్టరు:
అలాగైతే "బట్వాడా కాలేదు" అనే రాయండి, దానికి మీ దగ్గర ఆధారం ఉంది. రిజిస్టర్ చేసిన ప్రతి వస్తువు నంబరూ సంచితోపాటు వెళ్లే జాబితాలో ఎక్కుతుంది. అవతల సంచి విప్పినవాళ్లు ఆ జాబితాతో సరిచూసి, ఒకటి తగ్గితే లోపం ఉందని రాసి పంపాలి. మీ పార్సిల్ ఒక కేంద్రం నుంచి బయలుదేరినట్టు ఉంది కానీ తర్వాతి కేంద్రంలో `Item Received` పడలేదు. అంటే విచారణ ఆ రెండు కేంద్రాల మధ్యే మొదలవ్వాలి. ఆ తేదీని, ఆ కేంద్రం పేరును ఉత్తరం మొదటి పేరాలోనే పెట్టండి. "నా పార్సిల్ పోయింది, దయచేసి వెతకండి" అని మాత్రమే రాస్తే కాగితం బుకింగ్ ఆఫీసు నుంచి మొదలై ఊరూరా తిరుగుతుంది.

ఒకవేళ `Item Delivered` అని ఉండి, మనిషికి అందకపోతే అది వేరే ఉత్తరం. అప్పుడు "చేరలేదు" అనాలి, ఎవరు సంతకం చేసి తీసుకున్నారో ఆ కాపీ చూపించమని అడగాలి.

నిఘంటువు పురుగు:
మధ్యలో ఒక చిన్న విషయం. ఉత్తరం పైన "టపాలా శాఖ" అని రాయకండి, "తపాలా" అనే రాయండి. మరాఠీలో టకారంతో "టపాల్" అంటారు, మనకూ "టపా" ఉంది. పెద్ద మాటలో మాత్రం మనం తకారమే నిలుపుకున్నాం. తిలక్ కవిత పేరు కూడా "తపాలా బంట్రోతు" అనే కదా.

పద్యప్రియుడు:
తిలక్ పేరెత్తారు కాబట్టి చెబుతాను. ఇంటింటికీ అందరి కబుర్లూ మోసే ఆ మనిషిని చూసినంత ప్రేమగా మన కవిత్వంలో ఇంకెవరూ చూడలేదు. కానీ ఒకే భాషలో "టపా", "తపాలా" రెండూ బతికి ఉన్నప్పుడు ఒకటి తప్పెలా అవుతుంది? పలుకుబడిలో టకారం ముందు వచ్చిందని నా అభిప్రాయం.

డాలస్ తెలుగు:
మా అత్తయ్య గుంటూరు నుంచి పంపిన పచ్చళ్ల పార్సిల్ కూడా ఇలాగే ఆగిపోయింది. ఇక్కడి పోస్టాఫీసులో అడిగితే, పంపినవాళ్లే అడగాలన్నారు. నేను ఎవరికి రాయాలి?

పాత సార్టరు:
మీరు కాదు, మీ అత్తయ్యగారు రాయాలి, బుక్ చేసిన ఆఫీసులో. విదేశీ పార్సిళ్లకు పంపిన మర్నాటి నుంచి ఆరు నెలల్లోపే విచారణ అడగాలి. ఆ గడువు దాటనివ్వకండి.

ఓరుగల్లు:
పాఠకురాలు గారూ, పరిహారం సంగతి కూడా గట్టిగా రాయండి. చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది ఎక్కువైతే అది ఇస్తారు.

పాత సార్టరు:
ఎక్కువ కాదండీ, ఏది తక్కువైతే అది. అదీ స్పీడ్ పోస్టుకు ఏళ్లుగా ఉన్న లెక్క. ఇన్సూర్ చేయని రిజిస్టర్డ్ వస్తువు పోతే పాత లెక్కలో వంద రూపాయలే. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి రసీదు మీద ఏ సేవ అని అచ్చయిందో ముందు చూడాలి.

పాఠకురాలు గారూ, చార్జీ ఎంతయింది? ఇన్సూరెన్స్ చేయించారా?

గోదారి పాఠకురాలు:
రసీదు మీద స్పీడ్ పోస్ట్ పార్సిల్, రిజిస్ట్రేషన్ అని ఉంది. చార్జీ 240 రూపాయలు. ఇన్సూరెన్స్ లేదు. పుస్తకాల వెల ఆరువేలకు పైనే, రెండు మళ్లీ దొరకనివి.

పాత సార్టరు:
ఆ లెక్కన రెట్టింపు చేస్తే 480, అది వెయ్యికి తక్కువ. మీకు వచ్చేది దాదాపు అంతే. చెప్పడానికి బాధగానే ఉంది. 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉన్న కొత్త తపాలా చట్టం 10వ సెక్షన్ ప్రకారం, నియమాల్లో ఒప్పుకున్న మేరకే శాఖకు బాధ్యత. 1898 నాటి చట్టమూ దాదాపు ఇదే చెప్పింది. ఇన్సూర్ చేసి ఉంటే ఆ విలువ వరకు అడగగలిగేవారు.

అందుకే ఉత్తరంలో జాడ తీయించమనేది ముందుండాలి, డబ్బు తర్వాత. పుస్తకాల పేర్లు, అట్టల రంగు, పైన చుట్టిన గుడ్డ ఎలాంటిదో రాయండి. చిరునామా చీటీ ఊడిన పార్సిళ్లు ఎక్కడో ఒక ఆఫీసులో పడి ఉంటాయి, వాటిని పోల్చేది ఆ గుర్తులతోనే. కౌంటరులో ఇచ్చి ఊరుకోకుండా 1800 266 6868కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, అదే నంబరు ఉత్తరం మీద వేయండి. జవాబు రాకపోతే డివిజన్ సూపరింటెండెంటుకు రాయండి, ఆపైన శాఖ ఫిర్యాదులు వినే డాక్ అదాలత్ ఉంది.

పద్యప్రియుడు:
ఇవన్నీ సరే. కానీ "నష్టపరిహారం" అని రాస్తే పార్సిల్ పోయినట్టు మనమే ఒప్పుకున్నట్టు కాదా? వాళ్లు దాన్ని పట్టుకుని వెతకడం ఆపేస్తారేమో.

పాత సార్టరు:
అందుకే మీ తాతగారి నమూనాలో "దొరకనిచో" అని పెట్టారు. ఆ మాట తీసేయకండి.

గోదారి పాఠకురాలు:
ఇలా రాశాను: "సదరు పార్సిల్ మార్చి 5న పై కేంద్రం నుంచి బయలుదేరినట్టు ఉంది, నేటి వరకు బట్వాడా కాలేదు. విచారించి జాడ తెలియజేయగలరు. దొరకనిచో నియమాల ప్రకారం నష్టపరిహారం ఇప్పించగలరు." రేపు ఇస్తాను. కానీ తాతగారి వాక్యం ఎలా ముగిసిందో ఇంకా తేలలేదు.

ఓరుగల్లు:
"ము" వరకు మీకే గుర్తుందంటున్నారు. "చేరలేదు"లో "ము" ఎక్కడుంది?

నిఘంటువు పురుగు:
"మునుపటివలె చేరలేదు" అని ఉండవచ్చు కదా. ఆ కాపీ పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టమనండి.