ల్యాప్‌టాప్ కొనేముందే విడిభాగాలు, సర్వీసు మాన్యువల్ వెతకాలా, వారంటీ ఒక్కటే చాలునా?

పార్వతీపురం మాస్టారు

మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుకు రూ. 65,000 లోపు ల్యాప్‌టాప్ కొనాలి. చివరికి రెండు మోడళ్లు మిగిలాయి. ఒకటి ఇంటి వాడకానికని అమ్మే సన్నటి మోడల్. రెండోది ఆఫీసుల కోసం చేసినది, కాస్త బరువు, ధర రూ. 4,000 ఎక్కువ. రెండింటికీ మాకు అందుబాటులో ఉన్న అధీకృత సర్వీసు కేంద్రం విశాఖపట్నమే. విడిభాగాలు దొరుకుతాయో లేదో చూశాకే కొనాలని నేనంటున్నాను. మూడేళ్ల వారంటీ తీసుకుంటే ఆ వెతుకులాట అనవసరమని ఇంట్లో అంటున్నారు. మీరేమంటారు?

గోదారి గట్టు

మాస్టారూ, ఈ విషయంలో నేను మీ ఇంట్లో వాళ్ల పక్షం. వారంటీ ఉన్నన్నాళ్లు విడిభాగం ఎక్కడ దొరుకుతుందన్నది కంపెనీ చూసుకోవలసిన సంగతి, మనది కాదు. ఇంటికే వచ్చి బాగుచేసే పథకాన్ని మూడేళ్లకు తీసుకుంటే విశాఖపట్నం వెళ్లే పని కూడా తప్పుతుంది. నేను పదకొండేళ్లలో మూడు ల్యాప్‌టాప్‌లు వాడాను, ఏనాడూ మాన్యువల్ తెరవలేదు. ఆ రూ. 4,000 బరువైన యంత్రం మీద కాక వారంటీ పొడిగింపు మీద పెట్టడమే తెలివైన ఖర్చని నా అభిప్రాయం.

పార్క్‌లేన్ బెంచి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పద్దెనిమిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను కాబట్టి నా బల్ల మీదికి వచ్చే వాటిని బట్టి చెబుతాను. గోదారి గట్టు గారు చెప్పినది వారంటీ కాగితం మీద రాసి ఉన్న భాగాలకు మాత్రమే నిజం. చాలా పథకాల్లో యంత్రానికి మూడేళ్లు రాసినా బ్యాటరీకి ఒక్క ఏడాదే రాస్తారు. మూత హింజ్ దగ్గర ప్లాస్టిక్ పగిలితే, కీబోర్డు మీద టీ ఒలికితే, అది వాడినవారి వల్ల జరిగిన నష్టమని జాబ్ షీట్‌లో రాస్తారు. ప్రమాద నష్టానికి విడిగా పథకం తీసుకోకపోతే ఆ ఖర్చంతా మీదే. విద్యార్థుల దగ్గరి నుంచి నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి సరిగ్గా ఈ మూడే: బ్యాటరీ, హింజ్, కీబోర్డు. అందుచేత యంత్రం మొత్తాన్నీ పరిశోధించనక్కరలేదు. ఈ మూడింటిని గురించి ముందే తెలుసుకుంటే చాలు.

అన్నింటికంటే ఎక్కువ సంగతులు చెప్పేది కీబోర్డు. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480లో అడుగున రెండు స్క్రూలు వదులు చేస్తే కీబోర్డు పైనుంచే బయటికి వస్తుంది. సన్నటి మోడళ్లు చాలావాటిలో కీబోర్డును పై కవరుకు లోపలి వైపునుంచి పదుల కొద్దీ చిన్న ప్లాస్టిక్ మొనలు కరిగించి అతికిస్తారు. అది తీయాలంటే బ్యాటరీ, ఫ్యాను, మదర్‌బోర్డు అన్నీ ముందు బయటికి రావాలి. కంపెనీలు చాలాసార్లు ఆ కీబోర్డును విడిగా ఇవ్వవు, పై కవరుతో కలిపి ఒకే భాగంగా అమ్ముతాయి. ఒక్క మీట పనిచేయకపోయినా టచ్‌ప్యాడ్ చుట్టూ ఉన్న కవరు మొత్తానికి డబ్బు కట్టవలసి వస్తుంది.

ఏది ఏ రకమో కొనకముందే తెలుస్తుంది, మాస్టారూ. షాపులో ప్రదర్శనకు పెట్టిన యంత్రాన్ని తిప్పి, అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ సంఖ్యను ఫొటో తీసుకోండి. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే విండోస్‌లో `msinfo32` అని టైపు చేస్తే వచ్చే పట్టికలో `System Model`, `System SKU` అన్న వరుసలు చూడండి. పెట్టె మీది పేరును మాత్రం నమ్మకండి. ఒకే పేరుతో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఒక్కోసారి కవరు కూడా వేరైన యంత్రాలు అమ్ముతారు. ఆ సంఖ్యతో కంపెనీ సపోర్టు సైటులో మాన్యువల్ వెతకండి. లెనోవో దానిని `Hardware Maintenance Manual` అంటుంది, హెచ్‌పీ `Maintenance and Service Guide` అంటుంది, డెల్ సైటులో మోడల్ పేరు కింద సర్వీసు మాన్యువల్ ఉంటుంది.

మాన్యువల్ దొరికాక రెండే చోట్లు చదవండి. మొదటిది విడిభాగాల జాబితా. అక్కడ కీబోర్డుకు సొంత సంఖ్య ఉందా, లేక కీబోర్డుతో కూడిన పై కవరుకు మాత్రమే సంఖ్య ఉందా అన్నది చూడండి. రెండోది భాగాలు విప్పే అధ్యాయం. కీబోర్డు విప్పడానికి ముందు ఏమేం తీయాలో అక్కడ వరుసగా రాసి ఉంటుంది. ఆ వరుసలో మదర్‌బోర్డు కనిపిస్తే, ఆ పనికి బయట ఏ దుకాణమైనా ఎక్కువ కూలీ అడుగుతుందని గ్రహించండి, ఎందుకంటే అది నిజంగానే ఎక్కువ పని.

వరంగల్ వాణి

నేను గత ఏడాది కొన్న యంత్రంలో 8 జీబీ మెమరీని 16 చేయించుకుందామని వెళితే, అది బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉందని తిప్పి పంపారు. మాస్టారు కూడా మెమరీ పెంచుకునే వీలున్నదే కొనాలి. సర్వీసు కేంద్రం దగ్గరున్నా దూరమున్నా దానికి చేసేదేమీ ఉండదు.

పార్క్‌లేన్ బెంచి

వాణి గారూ, మీకు జరిగినది బాధాకరమే గాని మాస్టారు అడిగినది మెమరీ పెంచుకోవడం గురించి కాదు, చెడిపోయినదాన్ని మార్చుకోవడం గురించి. అయినా మీ అనుభవం ఇక్కడ ఒక విధంగా పనికొస్తుంది. విప్పే అధ్యాయంలో మెమరీకి విడిగా పేజీ లేకపోతే అది బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉందని దాదాపు నమ్మవచ్చు. కొనేముందు ఆ జాబితా ఒకసారి చూసి ఉంటే మీకు అక్కడే తెలిసేది.

లియోన్ తెలుగిల్లు

నేను ఫ్రాన్స్‌లో ఉంటాను. ఇక్కడ 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే, దాన్ని బాగుచేయడం ఎంత సులువో చెప్పే మార్కును 10కి ఇంత అని చూపించాలన్న నియమం ఉంది. మాన్యువల్ దొరకడం, విప్పడంలోని సులువు, విడిభాగాలు దొరకడం, వాటి ధర, ఇలా కొన్ని అంశాలను కలిపి ఆ మార్కు వేస్తారు. భారతదేశంలో అమ్మే మోడల్ ఇక్కడా ఉంటే, మాస్టారు దాని మార్కుల పట్టిక వెతికి చూడవచ్చు.

అయితే ఒక జాగ్రత్త. ఆ లెక్క వేసేది తయారీదారులే. పైగా మొత్తం మార్కు చూసి మోసపోకూడదు. కాగితాలన్నీ ఇచ్చినందుకు మంచి మార్కు తెచ్చుకున్న యంత్రానికే విడిభాగాల ధర దగ్గర మార్కులు తగ్గి ఉండవచ్చు. నేను మొత్తం వదిలేసి విడిభాగాల వరుసలు మాత్రమే చూస్తాను. బ్యాటరీల విషయంలో యూరప్ నియమం ఇంకా కఠినం అవుతోంది: 2027 ఫిబ్రవరి 18 నుంచి వాడేవారే తీసి మార్చుకోగలిగేలా చిన్న పరికరాల బ్యాటరీలు ఉండాలి, ఆ మోడల్ చివరి యంత్రం మార్కెట్లోకి వచ్చిన తర్వాత కనీసం అయిదేళ్లు బ్యాటరీలు విడిభాగాలుగా దొరకాలి.

గోదారి గట్టు

ఫ్రాన్స్ నియమం పార్వతీపురంలో పనిచేయదు కదా. బ్యాటరీ, హింజ్ సంగతి మాత్రం పార్క్‌లేన్ వారు చెప్పినది ఒప్పుకుంటాను. మా పథకం కాగితం ఇప్పుడే తీసి చూశాను, బ్యాటరీకి ఒక్క ఏడాదే ఉంది. కానీ నా ప్రశ్న మరొకటి. సైటులో విడిభాగం సంఖ్య కనిపించినంత మాత్రాన అది గోదాములో ఉన్నట్టా? మీరు చెప్పినవన్నీ చూసి కొన్నాక మూడేళ్లకు ఆ భాగం లేదంటే, ఈ శ్రమంతా ఎందుకు పడినట్టు?

పార్క్‌లేన్ బెంచి

న్యాయమైన ప్రశ్న. సంఖ్య ఉందంటే ఆ భాగాన్ని కంపెనీ విడిగా గుర్తించిందని మాత్రమే అర్థం. సరుకు ఉందని కాదు. అందుకే ఆ సంఖ్య చేతిలో పట్టుకొని సర్వీసు కేంద్రానికి ఫోన్ చేయాలి. "మీ దగ్గర విడిభాగాలు దొరుకుతాయా?" అని అడిగితే ఎవరైనా దొరుకుతాయనే అంటారు. "ఈ సంఖ్య గల కీబోర్డు వారంటీ లేకుండా ఎంత, ఎన్ని రోజులు, కూలీ ఎంత?" అని అడిగితే కంప్యూటర్లో చూసి చెప్పక తప్పదు. జవాబులో రూపాయలు, రోజులు వస్తే మంచి గుర్తు. "యంత్రం తెస్తే చూస్తాం" అన్న మాట తప్ప మరేమీ రాకపోతే దానిని జవాబుగా లెక్కించవద్దు.

బయటి మార్కెట్ సంగతి కూడా చెబుతాను. స్క్రీన్ ప్యానెల్ గురించి అంత భయం వద్దు. బీఓఈ, ఏయూఓ, ఇన్నోలక్స్ వంటి సంస్థలు చేసే ఒకే ప్యానెల్‌ను చాలా మోడళ్లలో వాడతారు కాబట్టి, కొలత, రిజల్యూషన్, కనెక్టర్ పిన్నులు, స్క్రూలు బిగించే చెవులు సరిపోతే వేరే సంస్థ ప్యానెల్ కూడా పనిచేస్తుంది. హింజ్, మూత కవరు, బ్యాటరీ అలా కావు. అవి ఆ మోడల్‌కే పుడతాయి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, విడుదలై నాలుగు నెలలైనా కాని మోడల్ వద్దని. దాని హింజ్ పగిలితే మా బజారులో విప్పిన పాత యంత్రాల భాగం కూడా దొరకదు.

లియోన్ తెలుగిల్లు

ఈ చివరి మాటతో నేను ఏకీభవించను. ఏడాదిన్నర పాతబడిన మోడల్ కొంటే విడిభాగాలు ఇప్పుడు సులువుగా దొరుకుతాయి గాని, కంపెనీ వాటిని ఆపేసే రోజు కూడా ఏడాదిన్నర ముందే వస్తుంది. చదువు నాలుగేళ్లయినా, ఆ తర్వాత ఉద్యోగం వచ్చేదాకా యంత్రం నడవాలి.

పార్క్‌లేన్ బెంచి

కంపెనీ ఆపేసినా బజారు ఆపదు. ఎక్కువగా అమ్ముడైన ఆఫీసు మోడళ్లు కంపెనీల నుంచి వందల కొద్దీ ఒకేసారి పాతవిగా బయటికి వస్తాయి. వాటి హింజ్‌లు, కవర్లు ఏళ్ల తరబడి దొరుకుతూనే ఉంటాయి. బ్యాటరీ ఒక్కదాని విషయంలో మీ మాట ఒప్పుకోవాలి, ఎందుకంటే పాత యంత్రం నుంచి తీసిన బ్యాటరీ పనికిరాదు, మూడేళ్లు గోదాములో పడి ఉన్న కొత్త బ్యాటరీ కూడా అంత మంచిది కాదు.

పార్వతీపురం మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే నిన్న షాపుకు వెళ్లి రెండు స్టిక్కర్లూ ఫొటో తీశాను. సన్నటి మోడల్‌కు వాడుక వివరాల పుస్తకం తప్ప విప్పే మాన్యువల్ కంపెనీ సైటులో ఎంత వెతికినా దొరకలేదు. రెండోదానికి దొరికింది. అందులో కీబోర్డుకు సొంత సంఖ్య ఉంది గాని, విప్పే వరుసలో మదర్‌బోర్డు కూడా ఉంది. బ్యాటరీకి మాత్రం అడుగు కవరు, కొన్ని స్క్రూలు, ఒక కనెక్టర్, అంతే.

తరువాత విశాఖపట్నం ఫోన్ చేశాను. రెండో యంత్రం బ్యాటరీకి రూ. 6,400, నాలుగు నుంచి ఏడు రోజులు అన్నారు. కీబోర్డుకు కూలీతో కలిపి రూ. 5,900, పది రోజులు. సన్నటిదాని కేంద్రంలో ధర అడిగితే, నా దగ్గర విడిభాగం సంఖ్య లేకపోవడంతో, యంత్రం తెస్తేనే చెబుతామన్నారు. రెండోదాని వైపే మొగ్గుతున్నాను. ఒక్క సందేహం తీరలేదు. దీనికి ఛార్జింగ్ టైప్-సీ పోర్టు ద్వారానే అవుతుంది, ఆ పోర్టుకు జాబితాలో విడి సంఖ్య కనిపించలేదు.

పార్క్‌లేన్ బెంచి

ఆ పోర్టు మదర్‌బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉంటుంది, మాస్టారూ, అందుకే సంఖ్య లేదు. అది వదులైతే సర్వీసు కేంద్రం సాధారణంగా బోర్డు మొత్తం మార్చాలంటుంది. వేడిగాలి యంత్రంతో పోర్టు ఒక్కటే మార్చగలవారు విశాఖపట్నంలోనూ ఉంటారు, కానీ పని బాగా వచ్చినవారిని ముందే వెతికి పెట్టుకోండి. అలాంటి పోర్టులు రెండు ఉన్నాయా, రెండింటితోనూ ఛార్జింగ్ అవుతుందా అన్నది రేపు షాపులో అదే అడాప్టర్‌తో పెట్టి చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

గోదారి గట్టు

ప్రమాద నష్టం పథకం ధర కూడా అడగండి మాస్టారూ. ఈ పోర్టు విరిగితే దాని కింద వస్తుందో రాదో రాతలో ఇవ్వమనండి. నాకు మాత్రం ఇప్పటికీ వారంటీయే మొదటిదనిపిస్తోంది, మాన్యువల్ దాని తరువాతే.